కొడుకు ఇంటి లోనుకి తల్లి సంతకం

మిర్చి కోతలు అయిపోయి కాస్త తీరిక దొరికింది. రెండేళ్ల నుంచి మా ఇంట్లో నలుగుతున్న లోను సంగతి రాస్తున్నా. మన పిల్లలు టౌన్లలో ప్లాట్లు కొంటున్నారు కాబట్టి మీకూ పనికొస్తుంది.

మావాడు విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చేది 45 వేలు. 42 లక్షల ఫ్లాటు చూశాడు. మా దగ్గర పది లక్షలు ఉంటే మిగతా 32 లక్షలకి బ్యాంకుకెళ్లాం. జీతంలో సగం దాకా కిస్తీలకి పోవచ్చని వాళ్ల లెక్క. అంటే 22,500. అందులో బండి లోను కిస్తీ 3,500 తీసేస్తే 19 వేలు మిగిలింది. ఎనిమిదిన్నర వడ్డీకి, ఇరవై ఏళ్లకి లక్షకి నెలకి 868 రూపాయలు పడుతుంది. ఆ లెక్కన మావాడికి వచ్చేది 22 లక్షల లోపే.

అప్పుడు లోను ఏజెంటు "అమ్మగారు గవర్నమెంటు టీచరు కదండీ, ఆవిడ పేస్లిప్పు పెడితే అయిపోద్ది" అన్నాడు. నా పొలం ఆదాయం ఎవరికీ అక్కర్లేదు, చేతిలో స్లిప్పు లేదుగా మరి! మా ఆవిడకి చేతికి 70 వేలు వస్తాయి. సగం 35 వేలు, పాత లోను కిస్తీ 9 వేలు పోగా 26 వేలు. ఇద్దరివీ కలిపి 45 వేలు అయ్యేసరికి 32 లక్షలు వెంటనే శాంక్షన్ అయింది. సంతకాల రోజు అందరం సంతోషంగానే ఉన్నాం.

అక్కడ నేను గమనించనిది ఒకటుంది. ఆవిడకి అప్పటికి 54. రిటైరైన తర్వాత పెన్షను వస్తుంది గానీ 70 ఏళ్లలోపు లోను తీరాలని ఆ బ్యాంకు రూలు. అందుకని ఇరవై ఏళ్లు కాకుండా పదిహేనేళ్లే ఇచ్చారు. కిస్తీ 27,776 ఉండాల్సింది 31,520 అయింది. కట్టేది మావాడే అనుకున్నాం కదా, 45 వేల జీతంలో 31 వేలు కడితే వాడు తినేదేంటి? అమ్మ ఆదాయం చూసి ఇచ్చిన లోను అమ్మ ఆదాయం లేకుండా ఎలా తీరుద్ది? ఆ మాట నాకు ఆర్నెల్లకి గానీ తట్టలేదు.

ఆ ఆర్నెల్లకి మావాడి కంపెనీలో జీతాలు ఆగాయి. కిస్తీ బౌన్సు అయింది. ఫోను వాడికే కాదు, స్కూల్లో పాఠం చెప్తున్న మా ఆవిడకీ వచ్చింది. "నేను పేరు మాత్రమే ఇచ్చానండీ" అంటే వాళ్లు వినలేదు. కో-అప్లికెంట్ అంటే అప్పులో సగం కాదండీ, మొత్తం అప్పు ఆవిడది కూడా. ఈవిణ్ని మొదటి రోజు నుంచే అడగొచ్చు. మూడు నెలలు ఆవిడ జీతంలోంచే కట్టాం. ఒక కిస్తీ నెల దాటిపోయింది, అది ఇద్దరి సిబిల్‌లోనూ పడింది.

తర్వాత మా అమ్మాయి పెళ్లికి ఆవిడ పేరున ఆరు లక్షలు పర్సనల్ లోను అడిగాం. ఇవ్వలేదు. 31,520 మొత్తం ఆవిడ బాకీ కిందే రాసుకున్నారు. 35 వేలలోంచి అదీ, పాత 9 వేలూ తీసేస్తే సున్నా కంటే కిందకి పోయింది. చివరికి బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. అమ్మాయి ఏమనలేదు గానీ, "ఫ్లాటు అన్నయ్య ఒక్కడి పేరునేగా నాన్నా" అని ఒకసారి అంది. నిజమే. అప్పులో తల్లి పేరుంది, రిజిస్ట్రేషనులో లేదు. బాకీ ఉంది, వాటా లేదు. వాటా లేదు కాబట్టి ఇన్‌కంటాక్సులో ఆ వడ్డీ మినహాయింపూ రాలేదు.

పేరు తీసేయమని ఈ ఏడాది బ్యాంకుకెళ్తే, "అబ్బాయి ఒక్కడి జీతానికి సరిపోతే చూద్దాం" అన్నారు. వాడి జీతం ఇప్పుడు 58 వేలు, బండి లోను తీరింది. సగం 29 వేలు, కిస్తీ 31,520. కుదరలేదు. ఇంకో బ్యాంకులో అడిగితే దారి దొరికింది. మిగిలిన 29 లక్షల 69 వేల బాకీ వాడొక్కడి పేరున, ఇరవై ఏళ్లకి మార్చుకుంటే కిస్తీ సుమారు 25,770. అదే వడ్డీ, 29 వేల లోపలే. మారేది రేటు వడ్డీ కాబట్టి పాత బ్యాంకు ముందు తీర్చినందుకు పెనాల్టీ వెయ్యలేదు. కొత్త బ్యాంకు ప్రాసెసింగు ఫీజు, తనఖా పత్రం ఖర్చు మాత్రం అయ్యాయి. ఏళ్లు పెరిగాయి కాబట్టి వడ్డీ మొత్తం మీద ఎక్కువే పడుద్ది, తెలిసే ఒప్పుకున్నాం.

పాత బ్యాంకు నుంచి బాకీ లేదన్న కాగితం తీసుకున్నాం. రెండు నెలలాగి మా ఆవిడ సిబిల్ తీయించి చూశాం. అందులో ఆ లోను ఎదురుగా క్లోజ్డ్ అని పడింది. ఆలస్యమైన ఆ ఒక్క నెల మాత్రం ఇంకా అలాగే కనపడుతోంది.