కాల్ బుక్‌కీ ఇంజెక్షన్‌కీ నడుమ

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానిక ఎన్నికల అభ్యర్థులకు ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను తొలగించింది. ఎక్కువమందిని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బహిరంగంగానే కోరుతున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రలో 1.7, పశ్చిమ బెంగాల్‌లో 1.6. అంకెలు చూసి నాయకులు కంగారు పడడంలో వింత లేదు. కానీ ఈ చర్చంతటిలో బిడ్డను కనడమనేది దంపతుల ఇష్టాయిష్టాల వ్యవహారంగానే వినిపిస్తుంది. వద్దనుకుని మానినవారు, కావాలనుకుని కన్నవారు మాత్రమే అందులో ఉంటారు. కావాలనుకుని, నెలల తరబడి వైద్యం చేయించుకుని, ఉత్తచేతులతో ఇంటికి వచ్చేవారికి ఆ లెక్కలో గడి లేదు.

అటువంటి ఇల్లు ఒకటి ఖరగ్‌పూర్‌లో ఉంది. అక్కడ ట్రాఫిక్ అంటే రోడ్డు మీది రద్దీ కాదు. అదొక రైల్వే కాలనీ పేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువారు ఆ ఊళ్ళో వీధివీధినా కనిపిస్తారు. 2020 డిసెంబరులో, ఎన్నికలకు కొద్ది నెలల ముందు, బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఆ ఇంటి భర్త గూడ్సు బండి లోకో పైలట్. భార్య ఇంటిదగ్గర పిల్లలకు పాఠాలు చెబుతుంది. 2018లో పెళ్ళయింది. మూడేళ్ళు ఎదురుచూశాక వైద్యం మొదలైంది.

మొదలైన తీరులోనే మొదటి పగులు ఉంది. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం నిలవకపోతే భార్యాభర్తలిద్దరినీ ఒకేసారి పరీక్షించాలన్నది వైద్యంలో ప్రాథమిక సూత్రం. సుమారు సగం కేసులలో పురుషుని వైపు కారణం పూర్తిగానో పాక్షికంగానో ఉంటుంది. పైగా అతని పరీక్ష చవకైనది, నొప్పి లేనిది. కానీ ఈ ఇంట్లో ఆమెకు రక్తపరీక్షలు జరిగాయి, నెలనెలా స్కానింగులు జరిగాయి, అండవాహికలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడడానికి గర్భాశయంలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఆ పరీక్షలో కలిగే నొప్పి చిన్నది కాదు. అన్నీ బాగానే ఉన్నాయని తేలాక, దాదాపు పది నెలల తరువాత, అతను శాంపిల్ ఇచ్చాడు.

మిల్లీలీటరుకు 90 లక్షల కణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనిష్ఠ ప్రమాణం 1 కోటి 60 లక్షలు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. జ్వరం వచ్చి తగ్గినా సంఖ్య పడిపోతుంది. కొత్త కణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది గనుక మూడు నెలలు ఆగి మళ్ళీ చూశారు. పెద్ద తేడా లేదు. ఇది అసాధ్యమనే మాట కాదు, కష్టమనే మాట. ఇంజను క్యాబ్ వేడి కారణం కావచ్చునా అని అతను అడిగాడు. కావచ్చు, కచ్చితంగా చెప్పలేమని డాక్టరు అన్నారు.

ఆ కాగితం మడతపెట్టి అతను తన లైన్ బాక్సులో పెట్టుకున్నాడు. తల్లికి చెప్పలేదు. ఆమె కోడలి చేత మంగళవారాలు ఉపవాసం చేయిస్తూనే ఉంది. వచ్చిన చుట్టాలు “ఇంకా ఏటీ లేదేటమ్మా?” అని కోడలినే అడుగుతూ ఉన్నారు. భర్త గుట్టు భార్య దాచింది. దాచమని అతను అడగలేదు. అడగకపోవడమే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. అడిగి ఉంటే అది ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం అయ్యేది. అడగలేదు గనుక అది ఆమె మీద పడిన బరువుగానే ఉండిపోయింది.

గర్భాశయంలోకి నేరుగా కణాలను ప్రవేశపెట్టే పద్ధతి మూడు నెలలు విఫలమయ్యాక ఐవీఎఫ్‌కు వెళ్ళారు. కణాల సంఖ్య తక్కువ కావడంతో ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో పంపే విధానం ఎంచుకున్నారు. పది రోజుల పాటు రోజూ రాత్రి ఒకే వేళకు పొట్ట చర్మం కింద ఇంజెక్షన్. మొదటి రెండు రోజులు అతను వేశాడు. మూడో రోజు కాల్ వచ్చింది. గూడ్సు లోకో పైలట్‌కు వారం ముందే తెలిసే డ్యూటీ ఉండదు. బండి సిద్ధమైతే లాబీ నుంచి పిలుపు వస్తుంది, రెండు గంటలలో హాజరు కావాలి. రెండు మూడు రోజులు రన్నింగ్ రూములలో గడిచిపోవచ్చు. మిగిలిన ఎనిమిది ఇంజెక్షన్లు ఆమె తనకు తానే వేసుకుంది. సెలవు అడగవచ్చు, కానీ కారణం చెప్పాలి. రైల్వే ఆస్పత్రి ద్వారా వెళితే కాగితం మీద రాయాలి, కాలనీలో కాగితానికి కాళ్ళు ఉంటాయి. అందుకని అతను బంధువుల పేర్లు వాడుకున్నాడు. ఆ ఏడాది అతని మేనమామలు ఇద్దరు లాబీ రికార్డులో కాలం చేశారు. ఇద్దరూ టెక్కలిలో నిక్షేపంగా ఉన్నారు.

అసలు చిక్కు చివరి ఇంజెక్షన్ దగ్గర వచ్చింది. అండాలను పూర్తిగా పక్వం చేసే ఆ మందు ఇచ్చిన 36 గంటలకు వాటిని సేకరించాలి. అంతకంటే బాగా ఆలస్యమైతే అవి వాటంతట అవే విడుదలై చేజారిపోతాయి. సోమవారం రాత్రి పది గంటలకు ఇంజెక్షన్, బుధవారం ఉదయం పది గంటలకు కలకత్తాలో సేకరణ. అదే రోజు భర్త శాంపిల్ కావాలి. ఇటువంటి ఉద్యోగం ఉన్నవారు ముందుగానే శాంపిల్ ఇచ్చి శీతలీకరించి ఉంచుకోవచ్చునని క్లినిక్‌లో చెప్పారు. “ఒక రోజు రాలేనా?” అని అతను కొట్టిపారేశాడు. శాంపిల్ ముందే దాచుకోవడమంటే లోపం తనదేనని మరోసారి ఒప్పుకోవడంగా తోచింది కాబోలు.

సోమవారం వేకువన వెళ్ళిన బండి మంగళవారానికి తిరిగి రావాలి. తిరుగు ప్రయాణంలో ఒక లూప్ లైనులో గంటల తరబడి నిలిచిపోయింది. ఆమె మంగళవారం సాయంత్రం చెల్లెలిని వెంటబెట్టుకుని హౌరా లోకల్ ఎక్కింది. బుధవారం మత్తు వదిలి కళ్ళు తెరిచేసరికి అతను లేడు. ఒంటిగంటకు వచ్చాడు, యూనిఫాం మీదనే.

వైద్యపరంగా ఆ మూడు గంటల వల్ల నష్టమేమీ లేదు. అండాలను సేకరించిన తరువాత కొన్ని గంటలు ఆగి కణాలను ప్రవేశపెట్టడం ల్యాబులో మామూలు పని. 11 అండాలు దొరికాయి. వాటిలో పక్వమైనవి 8, ఫలదీకరణ చెందినవి 6, ఐదో రోజు దాకా ఎదిగిన పిండాలు 3. మెట్టుమెట్టుకూ తరుగు ఉండడం సహజమే. 3 మిగలడం నిజానికి మంచి ఫలితం. ఒకదానిని గర్భాశయంలో ఉంచారు, రెండింటిని శీతలీకరించారు. తరువాత రెండు వారాల నిరీక్షణ. ఆ రోజులలో వాడే ప్రొజెస్టెరాన్ మందు రొమ్ములలో సలుపు, పొట్ట బరువు, నిద్రమత్తు కలిగిస్తుంది. ఇవన్నీ గర్భ లక్షణాలే గనుక మందు చేసే పనికీ ఆశ చెప్పే మాటకూ తేడా తెలియదు. ఆమెకు నమ్మకం కలిగింది. పద్నాలుగో రోజు రక్తపరీక్షలో హార్మోన్ 5 కంటే తక్కువ వచ్చింది. అంటే లేదు.

ఎందుకు లేదు అన్న ప్రశ్నకు ఈ వైద్యంలో చాలాసార్లు జవాబు ఉండదు. చూడడానికి చక్కగా ఉన్న పిండంలో సైతం క్రోమోజోముల లెక్క తప్పి ఉండవచ్చు; నిలవకపోవడానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం అదే. దానిలో ఎవరి నడవడికీ ప్రమేయం లేదు. కానీ ఒక ఇంట్లో లక్షన్నర, రెండు లక్షల రూపాయలు ఖర్చయ్యాక, ప్రావిడెంట్ ఫండు మీద అప్పు తెచ్చాక, “కారణం లేదు” అనే మాటను ఎవరూ భరించలేరు. కారణం కావాలి. నాలుగు గోడల మధ్య దొరికేది ఎదుటి మనిషే.

ఆమెకు ఆ మూడు గంటలు దొరికాయి. “మీరు వేళకు వచ్చుంటే” అనే వాక్యాన్ని ఆమె ఎన్నడూ పూర్తిచేయలేదు. అంతవరకు అనేది, ఆగిపోయేది. అతనికి పిండాన్ని ఉంచిన నాలుగో రోజున ఆమె నీళ్ళ బకెట్టు మోయడం దొరికింది. మంచం మీద పడుకుని ఉండడం వల్ల పిండం నిలిచే అవకాశం పెరగదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అయినా అతను ఆ బకెట్టును మరచిపోలేదు. రెండు ఆరోపణలూ వైద్యం ముందు నిలవవు. కాపురంలో మాత్రం రెండూ నిలిచాయి.

నాలుగు నెలల తరువాత రెండో పిండం. ఈసారి పరీక్షలో 46 వచ్చింది. అతను రన్నింగ్ రూములో ఉండగా ఫోనులో చెప్పింది. అక్కడున్నవారికి మిఠాయి తెప్పించాడు. కానీ మొదటి సంఖ్య ఒక్కటే చూసి ఏమీ చెప్పలేము. నిలిచే గర్భంలో ఆ హార్మోన్ సాధారణంగా రెండు మూడు రోజులకు రెట్టింపవుతూ ఉండాలి. రెండు రోజుల తరువాత 19 వచ్చింది. స్కానింగులో కనబడేదాకా రాకుండానే ముగిసిన గర్భం అది. మిఠాయి తిన్నవారికి ఏమని చెప్పాలో తెలియక అతను కొన్నాళ్ళు లాబీలో తలవంచుకుని తిరిగాడు. అతనికి ఏడ్చే చోటు లేదన్న సంగతి ఆమెకు అప్పుడే మొదటిసారి తట్టింది. తట్టినా ఓదార్చబుద్ధి పుట్టలేదు. అది తన కఠినత్వం కాదనీ, అలసట అనీ ఆమె చెల్లెలితో అంది.

2021లో చేసిన సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టం క్లినిక్‌లు దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలంటుంది. వీరికి అందిన కౌన్సెలింగ్ ఇరవై నిమిషాలు. అందులో సగం ప్యాకేజీ ధరలు. చట్టసభల చర్చలలో నోరెత్తేవారు తక్కువే అయినా, ఈ వైద్యాన్ని మధ్యలో వదిలేసేవారు డబ్బు చాలక మాత్రమే వదలరు. ప్రభుత్వమే ఖర్చు భరించే స్వీడన్‌లో కూడా ఉచితంగా దక్కే ప్రయత్నాలను చాలామంది పూర్తి చేయలేదనీ, మానసిక భారమే ముఖ్య కారణమనీ అక్కడి అధ్యయనం తేల్చింది. ఇక్కడ ఆ భారాన్ని కొలిచే నాథుడే లేడు.

రెండో వైఫల్యం తరువాత, ఒక రాత్రి డ్యూటీకి బయలుదేరబోతూ, అతను తల్లితో అసలు సంగతి చెప్పాడు. లైన్ బాక్సులోంచి పాత కాగితం తీసి చూపించాడు. ఆవిడకు చదవడం రాదు. కొడుకు ముఖం చదివింది. మరుసటి మంగళవారం కోడలికి తానే టిఫిను పెట్టి, ఉపవాసం మాట ఎత్తలేదు. కోడలికి ఎంతో ఉపశమనం కలగాలి. కలిగింది కానీ, ఈ మాట రెండేళ్ళ కిందట చెప్పి ఉండవచ్చు కదా అన్న కోపం దాని వెనకే వచ్చింది.

ఇప్పుడు మూడో పిండం కలకత్తాలో శీతలీకరణలో ఉంది. చట్టం ప్రకారం పదేళ్ళ దాకా ఉంచవచ్చు. దానిని వాడాలంటే ఇద్దరూ రాతపూర్వకంగా అంగీకరించాలి. గర్భాశయంలో ఉంచే క్షణం దాకా ఎవరైనా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. మునుపు తొందర ఆమెది, వాయిదా అతనిది. ఇప్పుడు తారుమారైంది. తన సెలవు దరఖాస్తులో అతను తొలిసారి నిజమైన కారణం రాశాడు. అంగీకార పత్రం మీద అతని సంతకం కూడా పడింది. ఆమె ఆ కాగితాన్ని గ్యాస్ బుక్కులో పెట్టి, పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దామంది.