జిగర్ మీద మచ్చ

మా మామూది కడప. 1990ల్లో కర్నూలు దగ్గర లారీ యాక్సిడెంట్ అయి రెండు సీసాల ఖూన్ ఎక్కించారు. అప్పట్లో దానమిచ్చిన ఖూన్‌లో హెపటైటిస్ సి ఉందా అని వెతకాలనే నిబంధన లేదు. అది 2001లో వచ్చింది. ఈ మర్జ్ ఇరవై ఏళ్లు చప్పుడు చేయకుండా ఆయన జిగర్‌ని గట్టిపరిచింది. బయటపడేసరికి సిరోసిస్. కడుపులో నీళ్లు మాత్రం ఇంకా పట్టలేదు.

ఇలాజ్ తేలికే. సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిసిన గోలీ రోజుకొకటి, పన్నెండు వారాలు. వైరస్ తన నకళ్లు తీసుకోకుండా అవి అడ్డుపడతాయి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గోలీలు ముఫ్త్. అయిపోయిన పన్నెండు వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ కనబడలేదు. అంటే షిఫా అయినట్టే.

తర్వాత ఇంకో ల్యాబులో యాంటీబాడీ పరీక్ష చేయిస్తే పాజిటివ్! ఇల్లంతా పరేషాన్.

"అది పాత జంగ్ నిశానీ. జిందగీ అంతా ఉండొచ్చు. మీరు చూడాల్సింది ఆర్‌ఎన్‌ఏ" అన్నారు డాక్టర్ సాబ్. "వైరస్ పోయింది గానీ సిరోసిస్ మచ్చలున్నాయి. కేన్సర్ ఖత్రా తగ్గింది, ఖతం కాలేదు. ఆర్నెల్లకోసారి కడుపు స్కానింగ్ తప్పదు."

"బాగైపోయినాక మళ్లీ ఎందుకురా?" అని మామూ రెండుసార్లు ఎగ్గొట్టాడు.

"గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఇలాజ్ ఉంది మామూ. నొప్పి పుట్టేదాకా ఆగితే ఆలస్యమే" అని నేనే తోలుకపోయినా. మొన్నటి స్కానింగ్ సాఫ్‌గా వచ్చింది. వచ్చేసారి తారీఖు ముమానీ కేలండర్‌లో రాసిపెట్టింది.