అరిసె నూనె తాగేది బాండీలో కాదు!

అరిసెలు నూనె పీల్చాయంటే అందరూ ముందు తిట్టేది నూనెనే. బ్రాండ్ మారుస్తారు, మంట పెంచుతారు. మా నాయినమ్మ మాత్రం పాకాన్నీ పిండినీ అడుగుతుంది. నల్గొండ వైపు నుంచి గడ్డిఅన్నారంలోని మా ఫ్లాట్‌కి వచ్చాక ఆమె చేతులు వణకడం ఎక్కువైంది, పొయ్యి దగ్గర నిలబడలేదు. అందుకే ఈ సంక్రాంతికి ఆమె కుర్చీలో కూర్చుని చెప్తుంటే నేను చేశాను. పక్కన వంటింటి త్రాసు పెట్టుకున్నాను. ఆమె వేళ్లకు తెలిసిన లెక్కను ఇప్పుడైనా రాసుకోకపోతే ఇంకెప్పుడు?

ముందు బియ్యం. ఈమధ్య రేషన్‌లోనూ సన్నబియ్యమే వస్తోంది కదా, అందుకని కిరాణా షాపులో అడిగి అర కిలో దొడ్డు బియ్యం తెచ్చాను. ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాను. వంచేశాక బట్ట మీద ఆరబోస్తే, "ఎండనియ్యకు బిడ్డా, తడి తడిగనే ఉండాలె" అంది. ఇరవై నిమిషాలకే ఎత్తి మిక్సీ పట్టి, జల్లించాను. పిండిని పిడికిట్లో నొక్కితే ముద్దలా నిలవాలి, వేలితో పొడిస్తే విరగాలి. ప్యాకెట్‌లో దొరికే పొడి పిండి వేస్తే ఆ పిండే పాకంలో ఉన్న తడిని లాగేసుకుంటుంది. అప్పుడు అరిసె ఒత్తేటప్పుడు అంచులు పగుళ్లు తేలతాయి. నూనెకు అదే దారి.

తర్వాత పాకం. 375 గ్రాముల బెల్లంలో అర గ్లాసు నీళ్లు పోసి కరిగించి, మట్టీ నలకలూ పోయేలా వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టాను. నురగ పెద్ద బుడగల్లోకి మారాక, చల్లటి నీళ్లున్న పళ్లెంలో ఒక చుక్క వేసి చూడాలి. నీళ్లలో కరిగి పరుచుకుంటే లేత పాకం. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. కరకరలాడాలంటే అక్కడి నుంచి ఇంకొంచెం ముదరనిచ్చి, ఆ ఉండ నొక్కితే అణగాలి గానీ జారిపోకూడదు అన్నప్పుడు దించాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లకు సుమారు 115 నుంచి 118 డిగ్రీల సెల్సియస్. కానీ బెల్లం బెల్లానికీ తేడా ఉంటుంది, పళ్లెంలో నీళ్ల మాటే ఫైనల్. ఉండ గట్టిపడి పళ్లెం మీద టంగుమంటే అది అరిసెల పాకం కాదు, పల్లీపట్టీ పాకం. దాంతో చేసినవి కొరకలేం.

పాకం ఎందుకింత ముఖ్యమంటే, లేత పాకంలో నీరెక్కువ. నూనెలో పడగానే ఆ నీరు ఆవిరై, చలిమిడిని చీల్చుకుని బయటికొస్తుంది. అరిసె విచ్చిపోతుంది, ఆవిరి వదిలిన ఖాళీల్లోకి నూనె చేరుతుంది.

దించిన పాకంలో రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి వేసి, పిండిని గుప్పెడు గుప్పెడుగా కలిపాను. చపాతీ ముద్ద కంటే కాస్త మెత్తగా ఉన్నప్పుడే ఆపాలి, ఎందుకంటే చల్లారితే చలిమిడి గట్టిపడుతుంది. కొంచెం పిండి తీసి పక్కన మూతపెట్టి ఉంచమంది నాయినమ్మ. ఎందుకో కాసేపట్లో తెలిసింది.

చిటికెడు చలిమిడి నూనెలో వేస్తే మునిగి, మెల్లగా తేలాలి. వెంటనే తేలి నల్లబడితే కాక ఎక్కువ, అడుగునే ఉండిపోతే తక్కువ. అన్నీ ఒత్తకుండా ముందు ఒక్కటే వేశాం. దాని అంచులు దారాల్లా విడిపోవడం మొదలైంది. పక్కన పెట్టిన పిండిలోంచి రెండు చెంచాలు కలిపి బాగా మర్దించాక, రెండోది గుండ్రంగా నిలిచింది. అదే చలిమిడి బిరుసుగా ఉంటే కాస్త వేడి పాలు చిలకరించి పిసకాలి.

ఇక అసలు సంగతి. నూనెలో ఉన్నంతసేపూ లోపలి ఆవిరి బయటికి తోస్తూ ఉంటుంది కాబట్టి నూనె పెద్దగా లోపలికి పోలేదు. బయటికి తీశాక ఆవిరి చల్లబడి, పైన అంటుకున్న నూనెను లోపలికి లాగుతుంది. అందుకే అరిసెల చెక్కలు. తీసిన క్షణంలోనే రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెలు చాలు. "సల్లారినంక ఒత్తితే ఏమొస్తది?" అంటుంది నాయినమ్మ.

పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి, లేకపోతే లోపలి చెమ్మకి మెత్తబడతాయి. డబ్బా అడుగున పేపర్ పరిచి మర్నాడు తీసి చూడండి. మరక చిన్నదైతే పాకం, ఒత్తడం రెండూ కుదిరినట్టే.