మన పత్రిక పేరుకు అక్షరాలు

మన గోడపత్రిక పేరు ఒక పెళ్లికార్డులోలాగ లావు అక్షరాల్లో పెట్టాలనుకున్నాం. ఆ ఫాంటు కొనాలంట. అంత డబ్బు మాకెక్కడిది? పోనీ, ఆ అక్షరాల గీతల మీదే గీసి మన ఫాంటు చేసేద్దామన్నాను. అది తప్పని సారు అన్నారు. పోలికగా ఉన్నది వెతకమన్నారు. సిలికానాంధ్ర ఇచ్చిన తెలుగు ఫాంట్లు ఉచితమని చూపించారు.

"స్త్రీ", "లక్ష్మి" అని ఒకే సైజులో అచ్చుతీసి కార్డు పక్కన పెట్టాం. గీత లావు, తలకట్టు, వత్తులు పోల్చాం. సవరలకు పుస్తకాలు రాసిన గిడుగు గారి పేరున్న ఫాంటే నాకిష్టం. కానీ అది సన్నం. రామభద్ర లావు సరిపోయింది. తలకట్టు మాత్రం వేరే, అయినా పర్లేదు.

దాన్ని చూసే పేరు చేత్తో రాశాను. అమ్మకి చదువు రాదు. వచ్చినప్పుడు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టించి చదివిస్తాను.