పచ్చళ్ల పార్సిల్ కట్టేటప్పుడు

ఒకరి గోంగూర ఇంకొకరి ఇంటికి పోయేది ఎక్కువగా బల్ల మీద రెండు పెట్టెలు తెరిచి ఉన్నప్పుడే. అందుకే మా దగ్గర ఒక పెట్టెకి టేపు వేసి, అడ్రస్ స్టిక్కర్ అంటించాకే రెండో బిల్లు చేతికి తీసుకుంటాం. సీసాలు తీసేది ఒకరు, మూత మీది పేరు పైకి చదువుతూ బిల్లుతో సరిచూసేది ఇంకొకరు. ఆ తర్వాత తూకం. అరకిలో సీసాలు మూడు ఉండాల్సిన చోట రెండే ఉంటే కాటా పట్టేస్తుంది. ఆవకాయ బదులు మాగాయ పెడితే మాత్రం కాటాకి తెలీదు, కాబట్టి పైకి చదవడం ఎంత హడావిడిలోనూ మానకూడదు. మూసే ముందు పైనుంచి ఒక ఫోటో.

ఇక పగలడం సంగతి. ఫ్రాజైల్ స్టిక్కర్‌ని నేను నమ్ముకోను. సీసా సీసాకీ తగలకూడదు, అట్టపెట్టె గోడకీ తగలకూడదు. మూత చుట్టూ టేపు, జిప్ కవరు, బబుల్ షీటు. అడుగునా పక్కలా పైనా రెండేసి అంగుళాల మందాన నలిపిన కాగితం. పెట్టె మూశాక చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. లోపల కదిలిన చప్పుడొస్తే మళ్లీ తెరిచి కాగితం కూరాల్సిందే, కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నా సరే.