ఏ ‘ఇక్కడ’, అమ్మా?

ఓటరు నమోదు మీద నేను రాసిన వ్యాసం నెట్‌లోకి ఎక్కిన మూడో రోజున తెనాలి నుంచి ఒకాయన ఫోన్ చేశారు. రిటైరైన తెలుగు మాస్టారు. యాభై దాటాక గ్లకోమా వల్ల చూపు పోయిందట. “వ్యాసం బాగుందమ్మా. కానీ ఇందులో ఆరు ‘ఇక్కడ’లున్నాయి. నాక్కావలసింది ఏ ‘ఇక్కడ’?” అన్నారు.

నాకు వెంటనే బోధపడలేదు. ఆయన ఇల్లు మారారు, ఓటరు కార్డులో చిరునామా మార్పించుకోవాలి. దానికి నింపాల్సింది ఫారం 8. ఆయన తెరిచింది ఫారం 7. అది జాబితాలోంచి పేరు తీసేయమని కోరే ఫారం. కారణం ఎంచుకోమన్న చోట ‘మరణం’ అని వినబడేసరికి అనుమానమొచ్చి ఆగిపోయారట. “బతికుండగానే నా పేరు కొట్టించేసేవారు కదమ్మా” అని ఆయన నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పటికి నేను నెట్‌కు రాసే పనిలో ఏడేళ్లుగా ఉన్నాను. అంతకుముందు పత్రిక డెస్కు. అక్కడ ‘మిగతా 6వ పేజీలో’ అని రాస్తే చాలు, పాఠకుడు వెళ్లిపోతాడు. నెట్‌లో దానికి బదులు ‘ఇక్కడ నొక్కండి’ అని రాయడం అలవాటైంది. కళ్లతో చదివేవాళ్లకు ఆ మాట ముందూ వెనకా ఉన్న వాక్యం కనబడుతుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. ఆయనకు ఎలా వినబడుతుందో నేను ఎన్నడూ విని ఉండలేదు.

ఆ సాయంత్రమే ఆఫీసు కంప్యూటర్లో ఎన్‌వీడీఏ దించుకున్నాను. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు మిత్రులు మొదలుపెట్టారు. మాస్టారు ఫోన్లోనే పాఠం చెప్పారు. “మీరు పేపరు తిరగేసినట్టే మేమూ తిరగేస్తాం. మొదటి నుంచి చివరి దాకా ఎవరు వింటారు? `H` నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకు పోతాం. `K` నొక్కితే లింకు నుంచి లింకుకు. `Insert + F7` నొక్కండి, పేజీలో ఉన్న లింకులన్నీ జాబితాగా వస్తాయి. ఇప్పుడు తెర ఆపేసి, కింది బాణం నొక్కుతూ వినండి.”

తెర ఆపాను. బాణం నొక్కాను. ‘ఇక్కడ నొక్కండి.’ మళ్లీ నొక్కాను. ‘ఇక్కడ నొక్కండి.’ మూడోసారీ అదే. నాలుగోది ‘ఈ లింకు’ అంది. మధ్యలో ఒకచోట గొంతు ఆగకుండా ‘పర్సెంట్, ఈ, జీరో, పర్సెంట్, బీ, జీరో’ అంటూ వల్లెవేత మొదలుపెట్టింది. అది నేను వ్యాసంలో ఉన్నదున్నట్టు అతికించిన తెలుగు వెబ్ చిరునామా. బ్రౌజరు పైన పట్టీలో అది చక్కటి తెలుగులోనే కనబడుతుంది, కాపీ చేసి అతికిస్తే చాలాసార్లు అసలు రూపం బయటపడుతుంది. ‘తెలుగు’ అన్న మూడక్షరాల మాటే ఇలా అవుతుంది:

```
%E0%B0%A4%E0%B1%86%E0%B0%B2%E0%B1%81%E0%B0%97%E0%B1%81
```

యాభై నాలుగు గుర్తులు. తెర మీద ఉన్నప్పుడు అది నాకు వికారంగా మాత్రమే అనిపించింది. వింటే ఊపిరాడలేదు.

మర్నాడు లింకులన్నీ తిరగరాయడానికి కూర్చున్నాను. ఐదు నిమిషాల పని అనుకున్నాను. కాదు. ‘చిరునామా మార్చుకోవాలంటే ఇక్కడ నొక్కండి’ అన్న వాక్యంలో పనికొచ్చే మాటలన్నీ లింకు బయట ఉన్నాయి, పనికిరాని రెండూ లింకులో ఉన్నాయి. వాక్యం మొత్తాన్నీ లింకు చేసి చూశాను. జాబితాలో ప్రతిదీ ఒక పేరా అంత పొడుగైంది. చివరికి తేలిందేమంటే, లింకులో క్రియ ఉండక్కర్లేదు. తలుపు మీద ‘లోపలికి రండి’ అని కాక, లోపల ఎవరుంటారో ఆ పేరు రాసినట్టు, అవతల ఉన్నదాని పేరు రాయాలి. ‘చిరునామా మార్పు కోసం పేరు, చిరునామా సరిచేసే ఫారం 8 నింపాలి’ అని రాసి, ‘పేరు, చిరునామా సరిచేసే ఫారం 8’ వరకే లింకు ఇచ్చాను. పీడీఎఫ్ దిగేదైతే ‘పీడీఎఫ్’ అన్న మాటను కూడా లింకులోనే ఉంచాను. నొక్కాక ఫోన్లో ఏదో దిగడం మొదలైతే, చూపు లేనివాళ్లకు ఏం జరుగుతోందో వెంటనే తెలియకపోవచ్చు.

ఆ తర్వాత ఎదురైన చిక్కు అచ్చంగా తెలుగుది. మన విభక్తి మాటకు అంటుకుని వస్తుంది. ‘దరఖాస్తును దించుకోండి’ అన్నచోట నేను ‘దరఖాస్తు’ వరకే ఎంచుకుని లింకు ఇచ్చాను. నీలం రంగు అక్కడ ఆగి, ‘ను’ నల్లగా మిగిలింది. చూపుకు పెద్ద తేడా లేదు. మాస్టారు ఫోన్లో వింటే మాత్రం ‘దరఖాస్తు, లింకు’ అని ఒకటి, వేలితో జరిపితే ‘ను దించుకోండి’ అని ఇంకొకటి. తోక తెగిన మాట. ఇంకోచోట ‘ఫారమే’ అన్న మాటలో ఏత్వానికి ముందే లింకు ముగిసింది. ఒక పాత ఫోన్లో ఆ ఏత్వం అక్షరాన్ని వదిలేసి చుక్కల వలయం మీద కూర్చుంది. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: విభక్తితో సహా మాట మొత్తం లింకులో ఉండాలి, లేదా వాక్యం మార్చి మాటను ప్రథమా విభక్తిలోకి తేవాలి. రెండోదే ఎక్కువగా చేస్తాను. వ్యాకరణం క్లాసులో కునికిపాట్లు పడినందుకు ఇన్నేళ్లకు శిక్ష.

లింకులు చక్కబడ్డాయని ఊరుకుంటే, మా అమ్మ ఇంకో తగువు తెచ్చింది. శుక్లాల ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషి. వరండాలో ఫోన్ పట్టుకుని “వ్యాసం కింద ఏదో ఉంది, మసకగా. చివరి తేదీయా?” అంది. చివరి తేదీయే. మా డిజైనరు కుర్రాడు తేదీలనూ గమనికలనూ లేత బూడిద రంగులో పెట్టాడు, `#999999`, తెల్లటి నేపథ్యం మీద. “అక్కా, అది ముఖ్యం కాదని తెలియాలి కదా, అందుకే లేతగా పెట్టాను” అన్నాడు. చివరి తేదీ ముఖ్యం కాదని తేల్చినందుకు అతణ్ని ఏమీ అనలేదు. లెక్క చూపించాను.

అక్షరం రంగుకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడాను నిష్పత్తిగా కొలుస్తారు. తెలుపు మీద తెలుపు 1, తెలుపు మీద నలుపు 21. వెబ్ ప్రమాణాలు మామూలు అక్షరానికి కనీసం 4.5 ఉండాలంటాయి. బాగా పెద్ద అక్షరానికి 3 చాలు. మా బూడిద రంగు 2.85. పెద్ద అక్షరంగా ఉన్నా పాసయ్యేది కాదు. తెలుపు మీద 4.5 దాటే అత్యంత లేత బూడిద `#767676`. దానికి ఒక్క మెట్టు లేతగా `#777777` పెడితే 4.48, తప్పిపోతుంది. కుర్రాడు `#767676` దగ్గర ఆగుదామన్నాడు. నేను `#595959` అడిగాను, అది 7కి చేరుతుంది.

నా పట్టుదలకు కారణం ఉంది. ఆ 4.5 అక్షరం సన్నదనాన్ని కొలవదు. ద-ధ, డ-ఢ జంటల్లో తేడా అంతా కింద ఉండే ఒక చిన్న గీత. రంగు లేతగా, ఫాంటు సన్నగా ఉంటే మొదట మాయమయ్యేది ఆ గీతే. తెల్లారితే ఎండలో ఫోన్ చూసేవాళ్లు మన పాఠకులు. అందుకే కొలిచే పరికరం పాసన్నా, ఫోన్ వెలుగు సగానికి తగ్గించి కిటికీ దగ్గర నిలబడి చదివాకే ఒప్పుకుంటాను. కుర్రాడు మొదట్లో దీన్ని నా చాదస్తం అనేవాడు. ఇప్పుడు తనే కిటికీ దగ్గరికి వెళ్తున్నాడు, టీ తాగే నెపంతో కావచ్చు.

లింకులకు నారింజ రంగు పెట్టి గీత తీసేశాడు, దాన్నీ మార్పించాను. రంగుల తేడా తెలియనివాళ్లకు గీత ఒక్కటే ఆనవాలు. అయితే తెలుగులో ఆ గీత వత్తుల మీదుగా పోతుంది. వత్తు తగిలిన చోటల్లా బ్రౌజరు గీతను తెంపుతుంది కాబట్టి, ‘పత్రం’ కింద గీత పురుగు కొరికినట్టు అవుతుంది. గీతను కొంచెం కిందికి దించితే చక్కబడింది. వరుసల మధ్య ఖాళీదీ అదే కథ. ఇంగ్లిషు అక్షరాల కోసం కుదించిన ఖాళీలో మా శీర్షికల వత్తులు కోసుకుపోయి, ‘కొత్త పట్టా’ కాస్తా ‘కొత పటా’గా కనబడేది. సరిచూడ్డానికి నేను ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అన్న మాటలు టైపు చేస్తాను. రెండంతస్తుల వత్తులు తెగకుండా నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి. చివరికి మేం స్థిరపడింది ఇది:

```css
article   { font-size: 1.2rem; line-height: 1.8;
            text-align: left; color: #222222; }
article a { text-decoration: underline;
            text-underline-offset: 0.35em; }
```

రెండు అంచులూ సమానంగా సర్దే అలవాటును మాత్రం వదులుకోవడానికి నాకే మనసొప్పలేదు. పత్రిక రోజుల ముచ్చట అది. కానీ ఫోన్ వెడల్పులో మన పొడుగు మాటలు వరుసకు మూడో నాలుగో పడతాయి, సర్దితే మధ్యలో గోతులు వస్తాయి. వదులుకున్నాను.

అన్నీ అయ్యాక మాస్టారికి ఫోన్ చేసి వ్యాసం మళ్లీ వినమన్నాను. పది నిమిషాల్లో తిరిగి చేశారు.

“చాలా మేలమ్మా. ఇప్పుడు ఏ తలుపు ఎక్కడిదో తెలుస్తోంది. ఒక్క మాట చెప్పనా?”

“చెప్పండి మాస్టారూ.”

“జాబితాలో కిందికి దిగుతూ వింటుంటే, ‘పేరు చేర్చే ఫారం 6’, ‘పేరు తొలగించే ఫారం 7’, ‘పేరు, చిరునామా సరిచేసే ఫారం 8’. మూడూ ‘పేరు’తోనే మొదలయ్యాయి. మొదటి మాట వినగానే నాక్కావలసింది కాదని తెలిస్తే బాణం నొక్కేస్తాం. మీరు పేరు పేరు అంటుంటే ప్రతిదీ చివరి దాకా వినాల్సి వస్తోంది. మన భాషలో విశేషణం ముందే వస్తుంది కదా, ఆ సుఖం వాడుకోకపోతే ఎలా?”

ఆయన లైన్లో ఉండగానే మార్చాను. ‘కొత్త ఓటరుగా చేరే ఫారం 6’, ‘తొలగింపు కోరే ఫారం 7’, ‘సవరణలకు, చిరునామా మార్పుకు ఫారం 8’. పేజీ మళ్లీ తెరవమన్నాను. ఫోన్లోంచి ఎన్‌వీడీఏ గొంతు గబగబా వినిపించింది: ‘కొత్త’, టక్కున బాణం, ‘తొలగింపు’, టక్కున బాణం, ‘సవరణలకు’. ఆ తర్వాత ఎంటర్ నొక్కిన చప్పుడు.