గట్టు మీద పాయా గిన్నె

చలి ముదిరింది కదా, ఈ ఆదివారం మీ ఇంట్లోనూ పాయా వండే ఉంటారు. మాకైతే పన్నెండు మేక కాళ్లు, ఎనిమిది లీటర్ల గిన్నె. రాత్రి పదింటికి పొయ్యి కట్టేసి, మూత పెట్టి, గట్టు మీదే వదిలి పడుకోవడం ఏళ్ల అలవాటు. కిందటేడు ఒకసారి ఆ పాయా తిన్న మర్నాడు ఇంటిల్లిపాదికీ కడుపునొప్పి, విరేచనాలు. ఆ తర్వాత వంటింటి థర్మామీటరు కొని, ఒక రాత్రంతా మేలుకుని చూశాను.

పొయ్యి కట్టేసినప్పుడు 96 డిగ్రీలు. అర్ధరాత్రికి 70. రెండింటికి 54. పొద్దున ఆరింటికి ఇంకా 37, అచ్చం మన ఒంటి వేడి! పెద్ద గిన్నెలో నడిమధ్య ఉన్న వేడికి బయటపడే దారి దూరం. పైన తేలిన కొవ్వు, దాని మీద మూత, రెండూ దుప్పటిలా కప్పేస్తాయి.

మనం గాఢనిద్రలో ఉండే ఆ రెండు నుంచి ఆరు దాకా నాలుగు గంటలే ప్రమాదం. మాంసంలో క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. గట్టి పెంకు కట్టుకున్న దాని బీజాలు ఎంత మసిలినా చావవు. చారు 45 డిగ్రీల దగ్గరికి దిగేసరికి మొలకెత్తి, పది నిమిషాలకోసారి రెట్టింపవగలవు. అంటే గంటకి ఒకటి అరవై నాలుగు. వాసన మారదు, రుచీ మారదు.

"పొద్దున్నే మళ్ళీ మసిలిస్తే చచ్చిపోవుటే?" అన్నారు అత్తయ్య. పెరిగినవి చస్తాయి, నిజమే. కానీ ఆఫీసుల హడావిడిలో మనం చేసేది మసిలించడం కాదు, వెచ్చబెట్టడం. పైగా బాసిల్లస్ సెరియస్ లాంటి మరో రకం వదిలే విషం ఉడికినా విరగదు. అందుకే రాత్రే త్వరగా చల్లార్చాలి. అమెరికా హోటళ్లకి నియమం ఇది: 57 నుంచి 21 డిగ్రీలకి రెండు గంటల్లో, అక్కణ్ణుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెప్తాను. ముందు ఎముకలు తీసేసి, చారుని రెండు గిన్నెల్లోకి పంచుతాను. వాటిని సింకులో చన్నీళ్లలో దించి, గరిటెతో కలుపుతూ ఉంటాను. నీళ్లు వెచ్చబడగానే పారబోసి కొత్తవి పడతాను. మొదట్లోనే ఐసు వేస్తే వృథా, మరుగుతున్న చారు దాన్ని నిమిషాల్లో మింగేస్తుంది. మూడుసార్లు నీళ్లు మార్చి, గిన్నె చేత్తో పట్టుకోగలిగాక ఐసు వేస్తాను. కలపడం మానితే అంచులు చల్లబడతాయి గానీ నడుమ వేడి అలాగే ఉంటుంది. థర్మామీటరు మధ్యలోనే ముంచాలి.

మొన్న 20 డిగ్రీలకి రావడానికి ముప్పావుగంట పట్టింది. అప్పుడు రెండంగుళాల లోతు మించకుండా వెడల్పు డబ్బాల్లో పోసి, మూతలు కాస్త తెరిచి, ఒకదానిమీద ఒకటి పేర్చకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. ఎనిమిది లీటర్లూ వేడివేడిగా పెట్టేస్తే పక్కనున్న పాలు, పెరుగు కూడా వెచ్చబడతాయి.

పొద్దున చూస్తే పాయా జున్నులా గడ్డకట్టింది. పైన పేరిన కొవ్వుని అత్తయ్య చెంచాతో బిళ్లలా ఎత్తి పక్కన పెట్టి, మిగిలినదాన్ని పొయ్యి మీద గలగలా మసిలించారు.